బ్రెడ్ ముక్కలు చెప్పిన ఓవెన్ గుట్టు

రాజమండ్రిలో మా వదిన ఓవెన్ కొని మూడేళ్లయింది. ఇరవై ఎనిమిది లీటర్ల ఓటీజీ. పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, కుడిపక్కన మూడు నాబ్‌లు. మొన్న దసరాకి వెళ్లినప్పుడు నా ముందు ఒక కేక్ పెట్టి, తినమనకుండా చూడమంది. నడుమ గోపురంలా పొంగి నెర్రె విచ్చింది. వెనక ఎడమవైపు అంచు బొగ్గులా నల్లబడింది. పుల్ల గుచ్చితే మధ్యలో ఇంకా పచ్చి పిండి అంటుకుంటోంది.

"బేకింగ్ పౌడర్ మార్చాను. పెరుగు తగ్గించాను. వెన్న తీసేసి నూనె వేశాను. ఇంక మార్చడానికి ఏం మిగిలిందమ్మా?" అంది.

"ఓవెన్ ఎంత వేడెక్కుతోందో ఎప్పుడైనా కొలిచావా వదినా?" అని అడిగాను.

"నూట ఎనభైలో పెడతాను కదా!"

నూట ఎనభైలో పెట్టడం వేరు, ఓవెన్ నూట ఎనభైలో ఉండడం వేరు. చాలా ఇళ్లలో కేకులూ బిస్కెట్లూ పాడయ్యేది ఈ రెంటికీ మధ్యే. ఆ కేక్‌ను జాగ్రత్తగా చూస్తే అందులో రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తాయి. వేడి ఎక్కువైతే పిండి అంచులూ పైభాగమూ ముందే గట్టిపడిపోతాయి. లోపలి పిండి ఆ తర్వాత పొంగడం మొదలుపెట్టి, వేరే దారిలేక నడిమి నుంచి పైకి తోసుకొస్తుంది. గోపురమూ నెర్రే అలా వచ్చినవే. ఇది వేడి ఎంత అన్న ప్రశ్న. వెనక ఎడమ మూల మాత్రమే మాడడం వేడి ఎక్కడ అన్న ప్రశ్న. మొదటిదానికి థర్మామీటర్ జవాబు చెబుతుంది, రెండోదానికి బ్రెడ్ ముక్కలు చెబుతాయి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం రోగమే తెలుస్తుంది. అందుకే మర్నాడు ఉదయం రెండూ చేద్దామని కూర్చున్నాం.

ముందు, నాబ్ మాట ఎందుకు నమ్మలేమో చెప్పాలి. మామూలు ఓటీజీలో నాబ్ వెనక ఉండే థర్మోస్టాట్ రెండు వేర్వేరు లోహాలను అతికించిన చిన్న రేకు. వేడికి ఒక లోహం ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగుతాయి కాబట్టి రేకు వంగుతుంది. వంగి కరెంటు తెంపుతుంది. చల్లబడితే మళ్లీ నిటారై కలుపుతుంది. నాబ్ తిప్పడమంటే ఆ రేకు ఎంత వంగితే తెంపాలో జరపడమే. అయితే ఆ రేకు ఉండేది కేక్ పెట్టే చోట కాదు, కుడిపక్క గోడ అవతల. గోడ వేడెక్కినదాన్ని బట్టి అది పనిచేస్తుంది తప్ప లోపలి గాలి సంగతి దానికి నేరుగా తెలియదు. పైగా అది తెంపాక కూడా ఎర్రగా కాలిన రాడ్లు కాసేపు వేడి చిమ్ముతూనే ఉంటాయి. మళ్లీ కలిపాక రాడ్లు వేడెక్కడానికీ కాస్త సమయం పడుతుంది. అందుకే లోపలి వేడి ఒక అంకె దగ్గర నిలబడదు, ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగుతుంది. మంచి ఓవెన్ కూడా ఊగుతుంది. మనం తెలుసుకోవలసింది ఆ ఊపు నడిమి ఎక్కడుందన్నది.

థర్మామీటర్ విషయంలో ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటర్‌ను ఓవెన్‌లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. అది 42 డిగ్రీల దాకానే కొలుస్తుంది. ఓవెన్ వేడికి గాజు పగిలితే పాదరసం ఆవిరి వంటింట్లో నిండుతుంది. కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్ కూడా పనికిరాదు, దాని కొలత శరీరపు వేడి వరకే. ఫ్యాక్టరీల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఎక్కువ వేడిని కొలుస్తుంది కానీ అది చూపేది గురిపెట్టిన ఉపరితలం వేడి, గాలి వేడి కాదు. మెరిసే స్టీలు మీద గురిపెడితే అదీ తప్పే చూపిస్తుంది. మనకు కావలసింది ఓవెన్ థర్మామీటర్ అని అమ్మే గుండ్రటి ముల్లు మీటర్. స్టీలుతో ఉంటుంది, 50 నుంచి 300 డిగ్రీల దాకా గీతలుంటాయి, ర్యాక్‌కు తగిలించడానికి కొక్కెమో, నిలబెట్టడానికి పాదమో ఉంటుంది. కొన్నాళ్లుగా నా బ్యాగులో ఒకటి ఉంటోంది.

ఆ మీటర్ మాత్రం సరైనదేనా అని వదిన అడిగింది. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర తీగ చివర పుల్ల ఉన్న డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్ కూడా ఉంది. దాన్ని మరిగే నీళ్లలో, గిన్నె అడుగుకు తగలకుండా ముంచాం. 100 చూపింది. రాజమండ్రి సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ 100 రావాలి. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అక్కడ 98 వస్తే మీటర్‌ను తప్పు పట్టకూడదు. ఇలా సరిచూసిన ప్రోబ్‌నూ ముల్లు మీటర్‌నూ ఓవెన్‌లో పక్కపక్కన పెట్టి చూశాం. రెంటికీ మూడు నాలుగు డిగ్రీల తేడా వచ్చింది. వంటకు అది లెక్కలోది కాదు. ప్రోబ్ లేనివాళ్లు తెలిసినవాళ్ల ముల్లు మీటర్ ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూసుకున్నా చాలు.

మొదలుపెట్టే ముందు ఇంకో చిన్న పని. నాబ్‌ను పూర్తిగా ఆఫ్ వైపు తిప్పి, దాని మీది గీత సరిగ్గా ఆఫ్ గుర్తు ఎదుట ఆగుతోందా చూడాలి. పాతబడ్డ ఓటీజీల్లో ప్లాస్టిక్ నాబ్ వదులై, లోపలి కడ్డీ మీద కాస్త పక్కకు జారిపోతుంది. అదే జరిగితే థర్మోస్టాట్ బాగున్నా అంకె తప్పుతుంది. వదిన ఓవెన్ నాబ్ బాగానే ఉంది.

ర్యాక్‌ను నడిమి గాడిలో పెట్టి, మీటర్‌ను సరిగ్గా మధ్యలో, ముల్లు అద్దం తలుపులోంచి కనిపించేలా నిలబెట్టాం. ట్రే, ఇతర గిన్నెలు అన్నీ తీసేశాం. పైరాడ్లు, కిందిరాడ్లు రెండూ ఆన్. నాబ్ 180. ఇక తలుపు తీయకూడదు. తీస్తే కొలుస్తున్నది ఓవెన్‌ను కాదు, తలుపు తీసిన ఓవెన్‌ను. సెల్‌ఫోన్ టార్చి అద్దం మీద పక్కనుంచి వేస్తే ముల్లు చక్కగా కనిపిస్తుంది.

పదిహేడో నిమిషం ప్రాంతంలో టిక్‌మని రాడ్లు ఆరాయి. అప్పటికీ ముల్లు పైకి పోతూనే ఉంది. ఇరవయ్యో నిమిషంలో 214 చూపింది. వదిన ఇన్నాళ్లూ కేక్ పెడుతున్నది సరిగ్గా ఆ సమయంలోనే. రాడ్లు ఆరాయి కాబట్టి ప్రీహీట్ అయిపోయిందని అనుకునేది. మొదటిసారి రాడ్లు ఆరినప్పటి వేడి అన్నిటికన్నా పెద్ద ఊపు. థర్మోస్టాట్ ఉన్న గోడ ఇంకా పూర్తిగా కాగకముందే లోపలి గాలీ రాడ్లూ బాగా కాగిపోతాయి. కాబట్టి ఆ అంకెను లెక్కలోకి తీసుకోకూడదు, ఆ సమయంలో పిండి లోపల పెట్టకూడదు. రాడ్లు ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి, మళ్లీ ఆరేదాకా ఆగితే గోడలూ గాలీ ఒక దారికి వస్తాయి. ఈ ఓవెన్‌కు అందుకు అరగంట పట్టింది.

అరగంట దాటాక అసలు కొలత. ఐదు నిమిషాలకొకసారి కాగితం మీద రాసుకున్నాం. 198, 206, 192, 201, 208, 194. ఆరూ కూడి ఆరుతో భాగిస్తే దాదాపు 200. అంటే నాబ్ 180 అంటున్న ఓవెన్ నిజానికి 200 డిగ్రీల చుట్టూ ఎనిమిది డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతోంది. ఊపు గురించి దిగులు అక్కర్లేదు. కేక్ పిండి నెమ్మదిగా వేడెక్కే పదార్థం, ఆ చిన్న ఎగుడుదిగుళ్లు దానికి అంటవు. అది గ్రహించేది సగటునే. ఆ సగటు ఇరవై డిగ్రీలు ఎక్కువుంది. ఒక్కసారి మాత్రమే చూసి 192 దగ్గర ఆగిపోయి ఉంటే తేడా పన్నెండే అనుకునేవాళ్లం, 208 చూసి ఉంటే ఇరవై ఎనిమిది అనుకునేవాళ్లం. ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదనేది ఇందుకే.

ఇరవై ఎక్కువుంది కాబట్టి నాబ్‌ను ఇరవై తగ్గించి 160లో పెడితే సరిపోతుందా? అందరూ చేసే పొరపాటు ఇదే. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. 150లో పెట్టి ఇదే పద్ధతిలో కొలిస్తే సగటు 162 వచ్చింది, అంటే తేడా పన్నెండే. 220లో పెడితే 246 వచ్చింది, తేడా ఇరవై ఆరు. వేడి పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది. 150 పెడితే 162, 180 పెడితే 200. మనకు కావలసిన 180 ఆ రెంటికీ దాదాపు మధ్యలో ఉంది కాబట్టి నాబ్ కూడా 150కీ 180కీ మధ్యలో, అంటే 165 దగ్గర ఉండాలి. అక్కడ పెట్టి మళ్లీ కొలిచాం. సగటు 181. నాబ్ పక్కన ఆ చోట తెల్ల స్టిక్కర్ అంటించి "నిజం 180" అని వదిన చేతనే రాయించాను.

ఇంతవరకు తెలిసింది ర్యాక్ మధ్యలో ఒక్క చోటు సంగతి. ఓవెన్‌లో పదార్థానికి వేడి రెండు దారుల్లో అందుతుంది. ఒకటి చుట్టూ ఉన్న గాలి నుంచి. రెండోది ఎర్రగా కాలిన రాడ్ల నుంచీ గోడల నుంచీ నేరుగా, ఎండ ఒంటికి తగిలినట్టు. రెండో రకం వేడి దూరాన్ని బట్టి, అడ్డాన్ని బట్టి చోటుచోటుకీ మారిపోతుంది. చిన్న ఓటీజీలో రాడ్లు పదార్థానికి చాలా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ తేడా మరీ ఎక్కువ. దాన్ని ఒక్క మీటర్‌తో పట్టాలంటే చోటు మార్చి మార్చి రోజంతా కొలవాలి. బ్రెడ్ ముక్కలు ఒకేసారి ర్యాక్ మొత్తాన్నీ చూపిస్తాయి.

బ్రెడ్డే ఎందుకంటే, దాని ఉపరితలం ముందు తడి ఆరి, తర్వాత 140, 150 డిగ్రీలకు చేరాక రంగు మారడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక రంగు చాలా వేగంగా ముదురుతుంది. కాస్త ఎక్కువ వేడి తగిలిన ముక్క గోధుమరంగు దాటి నల్లబడేసరికి, తక్కువ తగిలిన ముక్క ఇంకా తెల్లగానే ఉంటుంది. కంటికి కనపడని తేడాను అది పెద్దది చేసి చూపిస్తుంది. ముక్కలన్నీ ఒకే ప్యాకెట్‌లోవి, ఒకే మందంవి కావాలి. రెండు చివరల ఉండే పెచ్చు ముక్కలు వాడకూడదు. తీపి మిల్క్ బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ కాబట్టి త్వరగా మాడి తేడా సరిగ్గా తెలియనివ్వదు. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ మేలు. ప్యాకెట్ విప్పి గాలికి వదిలేస్తే కొన్ని ముక్కలు ముందే ఎండిపోతాయి, అందుకే విప్పిన వెంటనే వాడాలి.

వదిన ర్యాక్ మీద ఆరు ముక్కలు పట్టాయి. వెనక మూడు, ముందు మూడు. ఒక్కో ముక్క మూలలో పుల్లతో చుక్కలు పొడిచి గుర్తు పెట్టాం. వెనక ఎడమదానికి ఒక చుక్క, పక్కదానికి రెండు, అలా ఆరు దాకా. తీశాక ఏది ఎక్కడిదో మర్చిపోవడం ఎంత తేలికో చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది. ట్రే వాడలేదు. ట్రే పెడితే కిందిరాడ్ల వేడికి అడ్డు పడి ముక్కల అడుగుభాగం ఏమీ చెప్పదు. నాబ్‌ను కొత్త గుర్తు దగ్గర పెట్టి, అరగంట కాగనిచ్చి, ర్యాక్‌ను ముక్కలతో సహా ఒక్కసారిగా లోపలికి తోసి తలుపు మూశాం. ఒక్కో ముక్కే పెడుతూ పోతే మొదట పెట్టినది ముందే కాలడం మొదలవుతుంది, తలుపు తెరిచి ఉన్నంతసేపూ వేడి పోతుంది.

ఎన్ని నిమిషాలు అని ముందే లెక్క పెట్టుకోవద్దు. ఆరో నిమిషం నుంచి అద్దంలోంచి చూస్తూ, ఏదో ఒక ముక్క ముదురు గోధుమరంగుకు రాగానే అన్నీ తీసేయాలి. ఇంకా ఉంచితే అన్నీ మాడి ఒకేలా అవుతాయి, పరీక్ష వృథా. మాకు తొమ్మిదో నిమిషంలో అందింది. ముక్కలను బల్ల మీద ర్యాక్‌లో ఉన్న వరసలోనే పరిచి ఫొటో తీశాం. తర్వాత ఒక్కొక్కటీ ఉన్నచోటే తిరగేసి అడుగుభాగాల ఫొటో కూడా తీశాం. ఆ రెండో ఫొటో చాలామంది మరచిపోతారు. పైభాగం పైరాడ్ల కథ చెబుతుంది, అడుగుభాగం కిందిరాడ్ల కథ చెబుతుంది. అడుగులన్నీ తెల్లగా వస్తే కిందిరాడ్లు వెలగడం లేదనో, తక్కువ వెలుగుతున్నాయనో అనుమానించి రిపేరు మనిషిని పిలవాలి. అప్పుడు నాబ్ ఎంత సరిచేసినా కేక్ అడుగు పచ్చిగానే ఉంటుంది.

వదిన ముక్కల్లో ఒక చుక్క ముక్క, అంటే వెనక ఎడమది, అందరికంటే ముదురు. పైనా అంతే, అడుగునా అంతే. వెనక వరస మొత్తం గోధుమరంగు, ముందు వరస లేత బంగారు రంగు. ఆరు చుక్కల ముక్క, ముందు కుడిది, దాదాపు తెల్లగానే ఉంది. ముందువైపు వేడి తక్కువుండడానికి కారణం తలుపు. ఒక్క పొర అద్దం, చుట్టూ రబ్బరు బిగింపు లేదు, అంచుల సందుల్లోంచి వేడి బయటికి పోతూనే ఉంటుంది. వెనక గోడ రేకు మాత్రం కాగి తిరిగి వేడి చిమ్ముతుంది. కుడివైపు తగ్గడానికి రాడ్లూ కారణమే. రాడ్‌కు కరెంటు వైరు కలిసే కొస పూర్తిగా కాలదు, ఈ ఓవెన్‌లో ఆ కొసలు కుడివైపున్నాయి.

ఒక్కసారి చూసి నమ్మకుండా, ముక్కలు మార్చి ఇంకోసారి చేశాం. మళ్లీ అదే మూల నల్లబడింది. అంటే తప్పు బ్రెడ్‌ది కాదు. మూడోసారి ర్యాక్‌ను ఒక గాడి కిందికి దించి చేస్తే పైభాగాలు ఆరూ దాదాపు సమానంగా వచ్చాయి, అడుగులు మాత్రం ముదిరాయి. కేక్ పైభాగం త్వరగా మాడుతోందని బాధపడేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతి. నాబ్ ముట్టుకోకుండా ర్యాక్ ఒక గాడి దించితే చాలనేది చాలాసార్లు నిజమవుతుంది. ఒక్కో గాడికి ఒక్కో పటం ఉంటుంది. ఏ గాడిలో ఎక్కువగా వండుతారో ఆ గాడిలోనే పరీక్ష చేయాలి.

వేడి చోట్లను పూర్తిగా పోగొట్టడం మన చేతిలో లేదు. వాటిని తెలుసుకుని వాటి ప్రకారం నడుచుకోవడమే. ఆ సాయంత్రం అదే పాళ్లతో, పాత బేకింగ్ పౌడర్‌తోనే, ఏడంగుళాల గిన్నెలో కేక్ పెట్టాం. నాబ్ స్టిక్కర్ దగ్గర ఉంచి, అరగంట కాగనిచ్చి, గిన్నెను ర్యాక్ మధ్య నుంచి కాస్త ముందుకు, కాస్త కుడికి జరిపాం. నలభై నిమిషాల్లో అయ్యేదాన్ని ఇరవై ఎనిమిదో నిమిషంలో తలుపు తీసి, గిన్నెను సగం చుట్టు తిప్పి వెంటనే మూశాం. అంతకంటే ముందు తిప్పితే పిండి ఇంకా నిలదొక్కుకోదు, తలుపు తీసిన చల్లదనానికి నడుమ కుంగిపోతుంది. బిస్కెట్లకు ఆ భయం లేదు, సగం సమయంలోనే ట్రే తిప్పేయవచ్చు. ఆ కేక్ నలభై రెండు నిమిషాలకు పైన సమంగా, నెర్రె లేకుండా వచ్చింది. వెనక ఎడమ అంచు మిగతా అంచులకంటే ఒక్క ఛాయ ముదురు, అంతే.

ఈ కొలతలు ఎక్కడ పనిచేయవో కూడా చెప్పాలి. ర్యాక్ నిండే పెద్ద ట్రే పెడితే కింది గాలి పైకి రాదు, పటం మారిపోతుంది. ట్రేకూ గోడలకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచే అలవాటున్నవాళ్లు అది మానాలి. అది వేడిని తిప్పి కొట్టి కింది భాగాన్ని మాడుస్తుంది, రాడ్‌కు తగిలితే ప్రమాదం. వేసవి సాయంత్రాల్లో కరెంటు లో-వోల్టేజీలో ఉన్నప్పుడు రాడ్ల బలం అనుకున్నదానికంటే ఎక్కువే తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 200 వస్తే రాడ్ ఇచ్చే వేడి నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. థర్మోస్టాట్ చివరికి అదే వేడికి చేరుస్తుంది కానీ ప్రీహీట్ చాలాసేపు పడుతుంది, తలుపు తీశాక తేరుకోవడం ఆలస్యమవుతుంది. అలాంటి రోజు గడియారం కంటే మీటర్‌ను నమ్మాలి. ఫ్యాన్ ఉన్న ఓవెన్లలో ఫ్యాన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి విడిగా పరీక్షించాలి, రెండూ రెండు ఓవెన్ల కిందే లెక్క.

కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్‌లో మీటర్ పెట్టాలంటే కన్వెక్షన్ ఒక్కటే ఆన్ చేయాలి. మైక్రోవేవ్ గానీ, రెండూ కలిసిన కాంబినేషన్ గానీ ఆన్‌లో ఉంటే లోహపు మీటర్ నిప్పురవ్వలు కక్కుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్ల ఇళ్లలోని పెద్ద ఓవెన్లకూ ఈ పరీక్షలు ఇలాగే పనికొస్తాయి. అక్కడి వంటల పుస్తకాల్లో తరచుగా కనిపించే 350 ఫారెన్‌హీట్ అంటే మన 177. వాటిలో కొన్ని మోడళ్ల సెట్టింగుల్లోనే ఈ తేడాను సరిచేసే వీలుంటుంది, మాన్యువల్‌లో చూసుకుని తేడా అక్కడే దిద్దేస్తే స్టిక్కర్ అవసరం కూడా ఉండదు.

వదిన ఆ ఆరు ముక్కల ఫొటోలు ప్రింట్ తీయించి, మూడు నాబ్ అంకెలూ వాటి నిజమైన సగటులూ రాసిన కాగితంతో పాటు ఓవెన్ పైనున్న అలమర తలుపుకు లోపలివైపు అంటించింది. రాడ్ మార్పించినా, థర్మోస్టాట్ మార్పించినా, ఓవెన్ వేరే ఇంటికి తీసుకెళ్లినా ఆ కాగితం చెల్లదు, మళ్లీ కొలవాలి. మీ ఇంట్లో కేక్ ఒకేవైపు మాడుతుంటే, ఇంకోసారి పాళ్లు మార్చకండి. ముందు ఒక శాండ్‌విచ్ బ్రెడ్ ప్యాకెట్ తెచ్చుకోండి, ఎక్కడైనా ఒక ఓవెన్ థర్మామీటర్ సంపాదించండి, ఒక ఆదివారం ఉదయం దానికి ఇవ్వండి.